సింక్ టైమ్ మారుతోందని క్లయింట్ ఐటీ మనిషికి మెయిల్ ఎలా రాయాలి

ఒక లెక్క తీసుకుందాం. క్లయింటు విత్తనాలు, పురుగుమందుల హోల్‌సేల్ వ్యాపారి. హెడ్డాఫీసు వరంగల్‌లో, గోదాములు కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, మహబూబాబాద్‌లో. స్టాక్ సాఫ్ట్‌వేర్ మీది. రాత్రి గోదాములన్నీ క్లోజింగ్ పంపాక మీ సర్వర్ ఒక స్టాక్ ఫైల్ తయారుచేసి ఫోల్డర్‌లో పెడుతుంది. క్లయింట్ సర్వర్ దాన్ని దింపుకుని అకౌంట్స్‌లోకి ఎక్కిస్తుంది. పొద్దున్నే దాన్నిబట్టి లోడింగ్ లిస్టు ప్రింటవుతుంది. హమాలీలు ఆ లిస్టు చూసే డీసీఎంలు నింపుతారు.

ఇన్నాళ్లూ మీ ఫైల్ రాత్రి 01:30కి మొదలయ్యేది. ఇక 04:15కి మొదలవుతుంది. మీ వైపు ఇది ఒక్క లైను మార్పు. అవతల దాని మీద ఆధారపడి నడిచేవి కనీసం మూడున్నాయి, అవి మీ చేతిలో లేవు. వాటిని మార్చాల్సిన మనిషికి మెయిల్ రాయాలి. ఆ మెయిల్ ఎలా రాయాలో, రాసేముందు ఏమేం లెక్క చూసుకోవాలో కింద ఉంది.

## ముందు కాగితం మీద టైములు వేసుకోండి

మెయిల్ తెరిచి టైపు చేయడం మొదలుపెట్టకండి. ఒక తెల్లకాగితం తీసుకుని, పాత వరుస ఎడమవైపు, కొత్త వరుస కుడివైపు రాయండి. క్లయింట్ దగ్గర ఏ పని ఎప్పుడు నడుస్తుందో మీకు తెలియకపోతే ముందే ఫోన్ చేసి అడగండి. ఊహించి రాసిన టైము మెయిల్‌లోకి ఎక్కితే అవతలివాళ్లు అదే నిజమనుకుంటారు.

మన లెక్కలో పాత వరుస ఇది: ఫైల్ 01:30కి మొదలై 20 నిమిషాల్లో, అంటే 01:50కి తయారు. క్లయింట్ సర్వర్ 02:30కి దింపుకోవడం మొదలుపెడుతుంది, అకౌంట్స్‌లోకి ఎక్కేసరికి ఇంకో 25 నిమిషాలు. లోడింగ్ లిస్టు 05:00కి. హమాలీలు 06:00కి వస్తారు, బండ్లు 07:00కి కదులుతాయి.

కొత్త వరుసలో ఫైల్ 04:35కి తయారవుతుంది. దింపడం 05:00కి పెడితే మధ్యలో 25 నిమిషాలు చేతిలో ఉంటాయి. ఎక్కించడం 05:25కి అయిపోతుంది. లిస్టు 05:45కి. హమాలీలు వచ్చేసరికి 15 నిమిషాలే మిగులుతాయి. ఇంతకుముందు గంట ఉండేది. ఈ తేడాను మెయిల్‌లో దాచకండి. ఒకరోజు ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంటే ఆ 15 నిమిషాలు చాలవని గోదాం సూపర్‌వైజర్‌కు ముందే తెలియాలి. చెప్పాల్సింది క్లయింట్ ఐటీ మనిషే, కానీ చెప్పమని అడగాల్సింది మీరు.

## లిస్టు టైము అర్ధరాత్రి గీత దాటుతోందా?

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

క్లయింట్ సర్వర్ అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్ అయితే, దాని గడియారం చాలావరకు యూటీసీలో ఉంటుంది. మన టైముకు అది ఐదున్నర గంటలు వెనక. `timedatectl` అని కొడితే సర్వర్ ఏ టైమ్ జోన్‌లో ఉందో చూపిస్తుంది. యూటీసీ అయితే మనకు పొద్దున 05:30 అయినప్పుడే ఆ సర్వర్‌కు అర్ధరాత్రి అవుతుంది, అప్పుడే తేదీ మారుతుంది. కాబట్టి ఏ పని అయినా 05:30కి ఇవతలి నుంచి అవతలికి జరిగితే, గంట ఒక్కటే కాదు, సర్వర్ దృష్టిలో తేదీ, వారం కూడా మారిపోతాయి.

దింపే పని 02:30 నుంచి 05:00కి వెళ్తోంది. రెండూ గీతకు ఇవతలే. క్రాన్‌లో `0 21` ఉన్నది `30 23` అవుతుంది, అంతే.

లిస్టు మాత్రం 05:00 నుంచి 05:45కి వెళ్తోంది. గీత దాటింది. సోమవారం నుంచి శనివారం దాకా మాత్రమే లిస్టు రావాలి కాబట్టి పాత లైనులో వారాలు ఇలా ఉంటాయి:

```
30 23 * * 0-5 /opt/stock/print_list.sh
```

మన సోమవారం పొద్దున ఐదంటే సర్వర్‌కు ఇంకా ఆదివారం రాత్రి పదకొండున్నర. అందుకే అక్కడ 0-5 ఉంది, 0 అంటే ఆదివారం. కొత్త టైముకు లైను ఇలా ఉండాలి:

```
15 0 * * 1-6 /opt/stock/print_list.sh
```

టైము మార్చి, 0-5ను అలాగే వదిలేస్తే ఏమవుతుంది? సోమవారం నుంచి శుక్రవారం దాకా అంతా బాగానే నడుస్తుంది. శనివారం లిస్టు రాదు. ఆదివారం తాళం వేసి ఉన్న గోదాంలో ప్రింటర్ తనంతట తాను లిస్టు తీస్తుంది. బుధవారం మార్పు చేస్తే ఈ తప్పు మూడు రోజులు కనిపించదు. నాలుగో రోజు ఫోన్ వచ్చేసరికి దానికీ ఈ మార్పుకీ ఉన్న సంబంధం ఎవరికీ తట్టదు.

దీనికంటే సన్నని మెలిక ఫైల్ పేరులో ఉంది. మన ఫైల్ పేరులో వ్యాపారం జరిగిన రోజు తేదీ ఉంటుంది. మే 19 నాటి క్లోజింగ్ `stock_20260519.csv` అనే పేరుతో మే 20 తెల్లవారుజామున వస్తుంది. లిస్టు తీసే స్క్రిప్టు రాసినవారు ఆ పేరు కోసం సర్వర్‌ను ఇవాళ్టి తేదీ అడిగి ఉంటారు:

```
F=/data/in/stock_$(date +%Y%m%d).csv
```

మే 20 పొద్దున 05:00కి సర్వర్‌కు ఇంకా మే 19నే. కాబట్టి `stock_20260519.csv` దొరికేది. నిన్నటి తేదీ కావాల్సిన చోట ఇవాళ్టి తేదీ అడిగినా, గడియారం వెనక ఉండటం వల్ల లెక్క కుదిరింది. ఏళ్ల తరబడి నడిచిందంటే స్క్రిప్టు సరిగ్గా ఉన్నందుకు కాదు, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నందుకు. 05:45కి సర్వర్‌కు మే 20 వచ్చేసింది. అది `stock_20260520.csv` కోసం వెతుకుతుంది. ఆ ఫైల్ ఇంకో రోజుకు గానీ రాదు. మొదటి రోజే లిస్టు ఖాళీ.

సరైన రాత ఇది:

```
D=$(TZ=Asia/Kolkata date -d yesterday +%Y%m%d)
F=/data/in/stock_$D.csv
```

ఇలా రాస్తే సర్వర్ ఏ జోన్‌లో ఉన్నా మన క్యాలెండర్ ప్రకారం నిన్నటి తేదీయే వస్తుంది. దీన్ని స్క్రిప్టులోనే పెట్టమనండి. క్రాన్ లైనులో నేరుగా పెడితే `%` గుర్తును క్రాన్ లైను విరుపుగా తీసుకుంటుంది, ముందు `\` పెట్టకపోతే ఆదేశం సగంలో తెగిపోతుంది.

`CRON_TZ=Asia/Kolkata` అని పైన ఒక లైను పెడితే పోతుంది కదా అని కొందరంటారు. కొన్ని లైనక్స్‌లలో అది పనిచేస్తుంది, కొన్నింటిలో పట్టించుకోదు. క్లయింట్ సర్వర్‌లో ఏది ఉందో చూడకుండా మెయిల్‌లో ఆ సలహా రాయకండి. పైగా అది పని నడిచే టైమును మారుస్తుందే తప్ప స్క్రిప్టు లోపలి `date` జవాబును మార్చదు.

క్లయింట్ సర్వర్ ఆఫీసులోనే ఉన్న విండోస్ మెషీన్ అయితే ఈ తలనొప్పి ఉండదు, టాస్క్ షెడ్యూలర్ మన టైములోనే నడుస్తుంది. కానీ అక్కడ ఇంకోటి అడగాలి: ఆ మెషీన్ తెల్లవారుజామున ఐదింటి నుంచి ఐదుముప్పావు దాకా మేలుకుని ఉంటుందా? ఐదింటి లిస్టు వచ్చాక ఐదుంబావుకు రీస్టార్ట్ అయ్యేలా పెట్టుకున్న ఆఫీసులు ఉంటాయి. పాత టైముకు అది అడ్డం కాదు, కొత్త టైముకు గోడ.

## తేదీ రాసే పద్ధతి

"మంగళవారం రాత్రి నుంచి కొత్త టైము" అని రాయకండి. మనం మాట్లాడేటప్పుడు రాత్రి ఒకటిన్నర మంగళవారం రాత్రి కిందికే వస్తుంది, క్యాలెండర్‌లో అది బుధవారం. చదివే మనిషి ఏ లెక్కన తీసుకుంటారో మీకు తెలియదు. ఒక రోజు తేడా వస్తే ఒక రోజు స్టాక్ తప్పుతుంది.

తేదీ, వారం, 24 గంటల టైము, మూడూ కలిపి రాయండి. పక్కన మన మాటలో కూడా ఒక్కసారి చెప్పండి: "20 మే 2026 బుధవారం 04:15కి, అంటే మంగళవారం తెల్లారితే బుధవారం." ఆ "తెల్లారితే" అన్న మాట ఉంటే ఇక అనుమానం ఉండదు. అలాగే పాత టైముకు వచ్చే చివరి ఫైల్ ఏదో, కొత్త టైముకు వచ్చే మొదటి ఫైల్ ఏదో, రెండింటి పేర్లూ రాయండి. తేదీల గురించి ఎన్ని మాటలు చెప్పినా ఫైల్ పేరంత స్పష్టంగా ఉండదు.

వారం మధ్యలో రోజు పెట్టుకోవడం మంచిది. శనివారం పెడితే తప్పు బయటపడేసరికి రెండువైపులా ఎవరూ ఉండరు. కాలం కూడా చూడాలి. మృగశిర కార్తె వచ్చిందంటే విత్తనాల దుకాణాల ముందు నిలబడటానికి జాగా ఉండదు, గోదాములో ఫోన్ ఎత్తేవారుండరు. వానాకాలం సీజన్ జూన్ మొదటి వారంలో ఊపందుకుంటుంది కాబట్టి మే మూడో వారంలోనే మార్పు అయిపోతే, తప్పులేమైనా ఉంటే దిద్దుకోవడానికి రెండు వారాలు దొరుకుతాయి. మెయిల్ అంతకు తొమ్మిది రోజుల ముందు, మే 11 సోమవారం పొద్దున వెళ్లాలి.

## కారణం ఎంత చెప్పాలి

"సాంకేతిక కారణాల వల్ల" అని రాస్తే చదివినవారికి రెండే అనుమానాలు వస్తాయి: మీ సర్వర్ పాడైందని, లేదా మీ వీలు కోసం వాళ్ల నెత్తిన పని పెడుతున్నారని. కారణం వాళ్ల డేటాలోనే ఉంటే దాన్నే చూపించండి.

మన లెక్కలో కారణం ఇది. సీజన్‌లో గోదాములు క్లోజింగ్ ఆలస్యంగా పంపుతాయి. పోయిన వానాకాలంలో మంచిర్యాల, జగిత్యాల క్లోజింగులు కొన్ని రాత్రులు 01:30 దాటాక వచ్చాయి, అన్నింటికంటే ఆలస్యంగా వచ్చింది 02:40కి. ఆ రాత్రుల్లో ఫైల్‌లో ఆ గోదాముల స్టాక్ ముందురోజుది. పొద్దున లిస్టులో నలభై బస్తాలు ఉన్నాయని ఉంటుంది, గోదాంలో చూస్తే పదే ఉంటాయి. ఫైల్‌లో `closed_at` అనే కాలమ్ చూస్తే ఏ గోదాం క్లోజింగ్ ఎప్పటిదో కనిపిస్తుంది. అలాంటి రాత్రుల తేదీలు రెండు మూడు మెయిల్‌లో ఇవ్వండి, ఆయన తన దగ్గరే తెరిచి చూసుకుంటారు. మీ మాట నమ్మాల్సిన పని ఉండదు.

మరి 03:00కి ఎందుకు పెట్టలేదని అడుగుతారు. మీ సర్వర్ బ్యాకప్ 03:00 నుంచి 04:00 దాకా నడుస్తుంది, ఆ గంటలో ఫైల్ తీస్తే 20 నిమిషాల పని రెండింతలు అవుతుంది. 05:00కి ఎందుకు పెట్టలేదంటే హమాలీలు వచ్చేలోపు లిస్టు రాదు. ఈ రెండు ప్రశ్నలకు ఒక్కో వాక్యం జవాబు ముందే రాస్తే రెండు రోజుల మెయిళ్ల రాకపోకలు తగ్గుతాయి. అంతకుమించి మీ సర్వర్ చరిత్ర చెప్పకండి.

## మార్చకపోతే ఏమవుతుందో రాయండి

"దయచేసి తగిన మార్పులు చేసుకోగలరు" అన్న వాక్యం చదివి ఎవరూ ఏమీ మార్చరు. ప్రతి మార్పు పక్కన, అది చేయకపోతే ఏం కనిపిస్తుందో రాయాలి. ముఖ్యంగా ఏమీ కనిపించకుండా తప్పే చోటు ఎక్కడుందో చెప్పాలి.

దింపే పనిని 02:30లోనే వదిలేశారనుకోండి. స్క్రిప్టు ఫైల్‌ను పేరుతో వెతికితే `No such file` అని వస్తుంది, లాగ్‌లో ఎర్రగా కనిపిస్తుంది. అది మంచిదే. కానీ కొన్ని స్క్రిప్టులు పేరు చూడవు, ఫోల్డర్‌లో అన్నిటికంటే కొత్త ఫైల్ ఏదుంటే అది తీసుకుంటాయి, `ls -t | head -1` లాంటి లైనుతో. అప్పుడు 02:30కి దొరికేది నిన్నటి ఫైల్. అది చక్కగా దిగుతుంది, చక్కగా ఎక్కుతుంది, ఎక్కడా తప్పు కనిపించదు. లిస్టు మాత్రం ఒక రోజు పాతది. కాబట్టి "మీ స్క్రిప్టు ఫైల్‌ను పేరుతో వెతుకుతుందా, కొత్తది చూసి తీసుకుంటుందా?" అని మెయిల్‌లో నేరుగా అడగండి.

ఈ కారణంతోనే, కొన్నాళ్లు రెండు టైములకూ ఫైల్ ఇద్దామన్న ఆలోచన వద్దు. వినడానికి మర్యాదగా ఉంటుంది. కానీ 01:30కి సగం స్టాక్‌తో వచ్చే ఫైల్‌కు కూడా అదే పేరు. మార్పు మరిచిపోయినవారికి ఏ ఇబ్బందీ రాదు, మీరు ఆపిన రోజు వస్తుంది. మరిచిపోతే మొదటి రోజే తెలిసిపోవడం ఇద్దరికీ మేలు.

రెండోది వరుస తప్పడం. దింపే పనిని 05:00కి మార్చి, లిస్టును మరిచిపోతే రెండూ ఒకే క్షణాన మొదలవుతాయి. లిస్టు తీసే స్క్రిప్టుకు ఫైల్ దొరకదు, లేదా సగం దిగిన ఫైల్ దొరుకుతుంది. సగం ఫైల్ ఎక్కువ ప్రమాదం, లిస్టు వస్తుంది గానీ చివర రెండు గోదాములు ఉండవు. మీ సర్వర్ ఫైల్ పూర్తయ్యాక `stock_20260519.done` అనే ఖాళీ ఫైల్ కూడా పెడుతుంటే, టైమును నమ్మకుండా దాన్ని చూసి దింపమని సలహా ఇవ్వండి. సలహా అని స్పష్టంగా రాయండి. తప్పనిసరి పనుల్లో కలిపితే అసలు పని ఏదో తెలియకుండా పోతుంది.

మూడోది అలారం. క్లయింట్ దగ్గర "చివరి ఫైల్ వచ్చి 25 గంటలు దాటితే మోగు" అని అలారం ఉంది. పాత టైముకు చివరి ఫైల్ మే 19న 01:50కి వస్తుంది. కొత్తది మే 20న 04:35కి. మధ్యలో 26 గంటల 45 నిమిషాలు. అంటే అలారం మే 20న 02:50కి తప్పకుండా మోగుతుంది, అంతా సవ్యంగా ఉన్నా సరే. నిద్రలేచిన మనిషి కంగారులో మార్పును వెనక్కి తిప్పేయవచ్చు. ఆ ఒక్క రాత్రికి అలారాన్ని 28 గంటలకు పెట్టమని, ఆ సాయంత్రమే తిరిగి 25కు తెమ్మని రాయండి. 28లోనే వదిలేస్తే తరువాత ఎప్పుడైనా నిజంగా ఫైల్ రాని రోజున అలారం 08:35కి మోగుతుంది. బండ్లు 07:00కే వెళ్లిపోయి ఉంటాయి. 25 అయితే 05:35కి, లిస్టు కంటే పది నిమిషాల ముందు మోగుతుంది.

## మెయిల్ ఇలా ఉంటుంది

సబ్జెక్టులోనే తేదీ, పాత టైము, కొత్త టైము, మీరు మార్చాల్సినవి ఉన్నాయన్న సంగతి రావాలి. "ముఖ్య గమనిక" అని పెడితే అది మే 20 తరువాత తెరుచుకుంటుంది.

> సబ్జెక్టు: 20 మే బుధవారం నుంచి స్టాక్ ఫైల్ 01:30కి బదులు 04:15కి – మీ వైపు 3 మార్పులు, జవాబు 15 మే లోపు
>
> నమస్కారం సార్,
>
> 20 మే 2026 బుధవారం (మంగళవారం తెల్లారితే బుధవారం) నుంచి రాత్రి స్టాక్ ఫైల్ 04:15కి మొదలై సుమారు 04:35కి తయారవుతుంది. టైములన్నీ మన టైమే.
>
> పాత టైముకు చివరి ఫైల్: stock_20260518.csv, 19 మే మంగళవారం 01:50
> కొత్త టైముకు మొదటి ఫైల్: stock_20260519.csv, 20 మే బుధవారం 04:35
>
> ఎందుకు: సీజన్‌లో మంచిర్యాల, జగిత్యాల క్లోజింగులు 01:30 దాటాక వస్తున్నాయి. ఆ రాత్రుల్లో ఆ గోదాముల స్టాక్ ముందురోజుది వెళ్తోంది. పోయిన సీజన్‌లో అలా జరిగిన తేదీలు జతచేశాం, closed_at కాలమ్‌లో మీరు సరిచూడవచ్చు. 03:00 నుంచి 04:00 దాకా మా బ్యాకప్ ఉంటుంది, అందుకే 04:15.
>
> మీరు మార్చాల్సినవి (19 మే సాయంత్రం లోపు, ఆ రోజు లిస్టు వచ్చేశాక):
>
> 1. ఫైల్ దింపే పని: 02:30 నుంచి 05:00కి. మార్చకపోతే ఫైల్ దొరకదు. మీ స్క్రిప్టు పేరు చూడకుండా కొత్త ఫైల్ తీసుకునేదైతే, నిన్నటి స్టాక్ ఎక్కుతుంది, తప్పు కనిపించదు.
>
> 2. లోడింగ్ లిస్టు: 05:00 నుంచి 05:45కి. మీ సర్వర్ యూటీసీలో ఉంటే వారాలు 0-5 నుంచి 1-6కు మారాలి, స్క్రిప్టులో తేదీ తీసే లైను కూడా మారాలి. రెండు లైన్లూ జతచేసిన ఫైల్‌లో ఉన్నాయి.
>
> 3. అలారం: 19 మే రాత్రికి మాత్రం 25 గంటలకు బదులు 28. 20 మే సాయంత్రం మళ్లీ 25.
>
> మారనివి: సర్వర్ అడ్రస్, పోర్ట్, యూజర్, కీ, ఫోల్డర్, ఫైల్ పేరు పద్ధతి, కాలమ్‌లు.
>
> లిస్టుకూ హమాలీలు వచ్చే టైముకూ మధ్య ఇక 15 నిమిషాలే ఉంటాయి. గోదాం సూపర్‌వైజర్లకు మీరు ఒకమాట చెప్పగలరు.
>
> 18 మే సోమవారం 11:30కి test ఫోల్డర్‌లో ఒక నమూనా ఫైల్ పెడతాం. మీ స్క్రిప్టులను దానిమీద చేత్తో నడిపి చూడండి.
>
> 15 మే శుక్రవారం 17:00 లోపు ఈ మూడింటికి జవాబు కావాలి: మీ సర్వర్ టైమ్ జోన్ ఏది? స్క్రిప్టు ఫైల్‌ను పేరుతో వెతుకుతుందా? 04:30 నుంచి 05:45 మధ్య మీ దగ్గర ఇంకేమైనా పని, బ్యాకప్ లేదా రీస్టార్ట్ ఉందా?
>
> 20 మే 04:15 నుంచి 07:00 దాకా మా మనిషి ఫోన్ దగ్గరే ఉంటారు: (నంబర్)

"మారనివి" అన్న లైను చిన్నదే గానీ తీసేయకండి. అది లేకపోతే ఆయన నెట్‌వర్క్ చూసేవారికి ఫోన్ చేసి ఫైర్‌వాల్ తెరవాలా అని అడుగుతారు, వారు ఇంకెవరినో అడుగుతారు. మార్పు ఎంతవరకో ఆ లైను గీత గీస్తుంది.

మార్పులు 19వ తేదీ సాయంత్రం చేయమనడం కావాలని పెట్టిందే. రెండు రోజుల ముందే మార్చేస్తే పాత ఫైల్ 01:50కి వచ్చినా 05:00 దాకా ఎవరూ దింపరు, అది పరవాలేదు. కానీ అలారం ముందే 28కి మారితే ఆ మధ్యలో నిజమైన తప్పు దొరకదు.

## పంపాక

సైన్ ఆఫ్ ఇచ్చే యజమానిని కాపీలో పెట్టండి, అడ్రసు మాత్రం ఐటీ మనిషిదే ఉండాలి. ఇద్దరి పేర్లూ పైన పెడితే ఒకరు చూస్తారని ఇంకొకరు వదిలేస్తారు.

మరునాడు ఒక ఫోన్ చేయండి. "సార్, మెయిల్ చూసిన్రా?" అని అడిగితే "ఆ, చూసిన" అనే జవాబే వస్తుంది. అది చదివినట్టు కాదు. "సార్, మీ సర్వర్‌ల timedatectl కొడితే ఏం చూపిస్తుంది?" అని అడగండి. దానికి జవాబు చెప్పాలంటే మెయిల్ తెరవాలి, సర్వర్ కూడా తెరవాలి.

శుక్రవారం సాయంత్రానికి జవాబు రాకపోతే మార్పును ఒక వారం వెనక్కి జరపండి. అది మీ చేతిలో ఉన్న పని. జవాబు లేకుండా చెప్పిన రోజుకే మార్చేస్తే, మెయిల్ పంపాం కదా అన్న మాట పొద్దున ఆరింటికి ఖాళీ లిస్టు పట్టుకుని నిలబడ్డ హమాలీల ముందు పనికిరాదు. వాయిదా వేస్తే పాత మెయిల్‌కే జవాబుగా కొత్త తేదీలు, కొత్త ఫైల్ పేర్లు మొత్తం మళ్లీ రాయండి. "పై తేదీలన్నీ వారం కలుపుకోండి" అని రాస్తే ఎవరో ఒకరు ఒకచోట కలపడం మరుస్తారు.

మొదటి పొద్దున మూడు చూడాలి. 04:35కి `.done` ఫైల్ వచ్చిందా. 05:25కి క్లయింట్ సర్వర్‌లో ఎక్కిన వరుసల సంఖ్య, మీ ఫైల్‌లోని వరుసల సంఖ్య ఒకటేనా. 05:45 లిస్టు పైన ఉన్న తేదీ 19-05-2026యేనా. మూడోది ఫోటో తీసి పంపమనండి, ఎందుకంటే పాత స్టాక్‌తో వచ్చిన లిస్టు కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, తేదీ ఒక్కటే పట్టిస్తుంది. సాయంత్రం అలారం మళ్లీ 25కు వచ్చిందో లేదో అడగండి. ఇక మిగిలింది శనివారం. మే 23 పొద్దున 05:50కి లిస్టు వచ్చిందని కబురు వస్తే, ఆ 1-6 కూడా సరిగ్గా పడినట్టే.